66 జతల్లో చెప్పాల్సినవి ఏవి?

"సర్, ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూలో ఒక బట్టల షాపు 24 నెలల లెక్కలు, 12 కాలమ్‌లు ఇచ్చి కోరిలేషన్ మ్యాట్రిక్స్ వేయమన్నారు. రంగులతో బాగానే వేశాను. 'ఇందులో పనికొచ్చే జతలేవి?' అంటే 0.9 దాటినవన్నీ చదివాను. సెలెక్ట్ కాలేదు. తప్పెక్కడ?"

మీరు చదివిన 0.9లలో చాలావరకు పనికిరానివే అయ్యుంటాయి. అమ్మకాలకూ జీఎస్టీకీ 0.99 వస్తే అందులో కొత్త సంగతేముంది? పన్ను పడేదే అమ్మకం మీద. ఒక కాలమ్‌లోంచి ఇంకో కాలమ్ పుడితే ఆ జతను ముందే పక్కన పెట్టేయాలి.

రంగుల దగ్గరా ఒక మోసం ఉంది. హద్దులు మనం చెప్పకపోతే సీబార్న్ మీ డేటాలోని కనిష్ఠ, గరిష్ఠ విలువలకే రంగులు సర్దేస్తుంది. అన్నిటికన్నా తక్కువ విలువ 0.1 అయినా దానికి చివరి రంగు పడి, పెద్ద విషయంలా కనిపిస్తుంది. అందుకే ఇలా వేయండి:

```
sns.heatmap(df.corr(), vmin=-1, vmax=1,
            cmap="coolwarm", annot=True, fmt=".2f")
```

ఇప్పుడు అసలు చిక్కు. ప్రకటనల ఖర్చుకూ అమ్మకాలకూ 0.82 వచ్చిందనుకుందాం. చూడగానే 'ప్రకటనలు పెంచండి' అనేయాలనిపిస్తుంది. కానీ ఓనరు ప్రకటనలు వేసేదే పండగ నెలల్లో. ప్రకటన లేకపోయినా దసరాకి జనం బట్టలు కొంటారు. అక్టోబరు, నవంబరు, జనవరి వరసలు తీసేసి మళ్లీ లెక్కేయండి. 0.82 కాస్తా 0.2కి పడిపోతే, ఆ ఎరుపంతా పండగదే.

నేనైతే ఆ ఇంటర్వ్యూలో లేత బూడిద రంగులో కనిపించే ఒక గడి గురించి మాట్లాడేవాణ్ని. 'సైజు లేక వెనక్కి వెళ్లినవారు', 'మళ్లీ వచ్చిన కస్టమర్లు': అదే నెలలో చూస్తే -0.08, ఏమీ లేనట్టే. కానీ చిరాకుపడి వెళ్లిన మనిషి రాకపోవడం తెలిసేది తర్వాతి నెలలో కదా. ఒక నెల జరిపి చూడండి:

```
df["no_size"].shift(1).corr(df["repeat"])
```

ఇది -0.58 వస్తే ఓనరు చేయగలిగిన పని ఒకటి దొరికినట్టే. పండగ నెలలు తీసేసినా నిలుస్తుందో లేదో దీన్నీ చూడాలి. స్కాటర్ కూడా వేయండి. ఒక్క నెల చుక్క ఎక్కడో దూరంగా ఉండి మొత్తం అంకెను లాగేస్తూ ఉండొచ్చు.

ఇంకో మాట. 24 నెలల డేటాలో సుమారు 0.4 లోపు విలువలు యాదృచ్ఛికంగానూ వస్తాయి. 12 కాలమ్‌లకు 66 జతలు; నిజంగా ఏ సంబంధమూ లేకపోయినా 5 శాతం లెక్కన సగటున మూడు జతలు ఆ గీత దాటేస్తాయి. కాబట్టి ఎక్కువ జతలు చదివినకొద్దీ ఉత్తుత్తివి కలిసిపోతాయి.

చార్టు కింద నోట్ ఇంత చాలు: "సైజు కొరత, తర్వాతి నెల పాత కస్టమర్ల రాక: -0.58, 23 నెలల జంటలు. పండగ నెలలు తీసేసినా మైనస్ గుర్తు మారలేదు. ఏ సైజులో కొరతో ఈ డేటాలో లేదు. కౌంటర్ దగ్గర రాసి పెట్టించాలి."