వీకెండ్ వస్తే చాలు మా అద్దె మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పడిపోతోంది. పరిహారం అడుగుతూ హోస్ట్‌కి మెసేజ్ ఎలా రాయాలి? అడిగితే ఇస్తారా?

ఇస్తారు, మీ లెక్క మీరే వేసి పంపితే. వాళ్లని వెయ్యనిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నాకు ఎనిమిది రూపాయల డెబ్బై ఐదు పైసలు తేలింది.

మాది ఆరు జీబీ ప్లాన్, నెలకి 900 రూపాయలు. ఆడేది ఐదుగురం. ముగ్గురు హైదరాబాద్‌లో, ఒకడు వైజాగ్‌లో, మా బావ డాలస్‌లో. మాకు శనివారం రాత్రి తొమ్మిదైతే బావకి పొద్దున పదిన్నర, కాఫీ తాగుతూ కూర్చుంటాడు. అందరికీ కుదిరేది శని, ఆదివారాలు రాత్రి ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర దాకానే. ఆ సమయంలోనే సర్వర్ పోయేది. మంగళవారం మధ్యాహ్నం మాత్రం బ్రహ్మాండంగా నడిచేది, ఎవడికి కావాలి?

ఒక శనివారం బావ ఎండ్ సిటీ ఓడలోంచి ఎలైట్రా తీశాడు. రెక్కలు దొరికాయని అరుస్తున్నాడు, అంతలో అందరి తెరలూ బిగుసుకుపోయాయి. మూడుంబావు గంటల తర్వాత సర్వర్ లేచింది, రెక్కలు మాత్రం లేవు. ప్రపంచం ఒకసారి, ఆటగాడి సంచి ఇంకోసారి సేవ్ అవుతాయి. ప్రపంచం సేవ్ అయ్యాక, సంచి సేవ్ కాకముందే సర్వర్ కూలితే వస్తువు ఓడలోనూ ఉండదు, సంచిలోనూ ఉండదు. ఇది బావకి ఎంత చెప్పినా ఎక్కలేదు. "రెక్కలకి కూడా డబ్బులు అడుగు" అని ఒకటే గొడవ.

నేను ఆ రాత్రే కోపంగా ఒక మెసేజ్ పంపాను. "మీ సర్వీసు దండగ, డబ్బులు వెనక్కివ్వండి" అని. జవాబుగా వచ్చిందే ఆ 8.75. నెలకి 720 గంటలు, గంటకి రూపాయి పావలా, ఆగింది ఏడు గంటలు. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. వాళ్ల లెక్కలో సర్వర్ నెలంతా 99 శాతం నడిచినట్టే మరి! కానీ ఆ ఏడు గంటలూ నా ముప్పై రెండు గంటల ఆటలోంచి పోయాయి. నాలుగు వారాలకి, వారానికి ఎనిమిది గంటలు. అందులో ఏడంటే ఐదో వంతుకి పైనే. మీ మెసేజ్ నిలబడాల్సింది ఈ ఒక్క లెక్క మీదే.

అయితే దానికి ముందు ఒక ఇబ్బందికరమైన పని ఉంది, తప్పు మీది కాదని తేల్చుకోవాలి. మా మొదటి శనివారం పతనం నా నిర్వాకమే. ప్యానెల్ కన్సోల్‌లో `Exit code: 137` అని ఉంది. ఆరు జీబీ ప్లాన్‌లో నేను `-Xmx6G` అని పెట్టాను. జావాకి ఆ పైన కూడా కొంత మెమరీ కావాలి, హద్దు దాటగానే సిస్టమ్ దాన్ని చంపేసింది. `-Xmx5G` చేశాక మళ్లీ రాలేదు. ఆ రోజుని లెక్కలోంచి తీసేశాను.

మిగతా మూడూ వాళ్లవే. ఎలా తెలిసిందంటే, చేరబోతే గేమ్‌లో వచ్చే మాట వేరు. `Connection refused` అంటే యంత్రం బతికే ఉంది, మీ సర్వర్ ఒక్కటే ఆగింది. అప్పుడు ముందు మీ ప్లగిన్లని అనుమానించండి. `Connection timed out` అని వచ్చి, మీ ఇంట్లో నెట్ బాగానే ఉండి, అదే సమయానికి డాలస్‌లో బావకీ అదే వచ్చిందంటే తేడా అవతలి వైపే. దానికి తోడు, పడిపోయే ముందు లాగ్‌లో ఇలాంటి వరస కనబడేది:

```
Can't keep up! Is the server overloaded? Running 5023ms or 100 ticks behind
```

ఒక టిక్ అంటే 50 మిల్లీసెకన్లు, అంటే సర్వర్ ఐదు సెకన్లు వెనకబడిందన్నమాట. ఈ వరస ఒక్కటే చూపిస్తే "మీ మ్యాప్ బరువు" అని తోసేస్తారు. మేం ఒక గురువారం సెలవు రాత్రి అదే ఐదుగురం, అదే చోట ఆడాం. ఒక్కసారి కూడా రాలేదు. అంటే శనివారం అదే యంత్రం మీద పక్క అద్దెవాళ్లందరూ ఒక్కసారే దిగుతున్నారు. ఒక యంత్రాన్ని, వాళ్ల మాటలో నోడ్‌ని, మోయగలిగినదానికంటే ఎక్కువమందికి అమ్మేయడం ఈ వ్యాపారంలో మామూలే, నా దృష్టిలో సగం గొడవలకి అదే మూలం.

లాగ్ ఫైళ్లు, ప్రపంచం ఫోల్డర్లు మీ కంప్యూటర్‌లోకి దించుకున్నాకే మెసేజ్ పంపండి. బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి లాగుతానని మాత్రం బెదిరించొద్దు. అలా చేస్తే ఖాతా మూసేసే హోస్టులున్నారు, ఖాతాతో పాటు మీ కోటలూ పోతాయి.

రెండోసారి నేను పంపింది ఇది. హోస్ట్ విజయవాడ కుర్రాడే కాబట్టి తెలుగులోనే రాశాను:

"నమస్తే అండీ. మా సర్వర్ ఈ నెలలో మూడుసార్లు మీ వైపు నుంచి ఆగింది. రెండో శనివారం రాత్రి 9:10 నుంచి 11:40, మర్నాడు ఆదివారం 8:35 నుంచి 9:50, మూడో శనివారం 9:15 నుంచి 12:30. మీ లాగ్ యూటీసీలో ఉంటుంది కాబట్టి అక్కడ ఇవి 15:40, 15:05, 15:45కి మొదలవుతాయి. మొత్తం ఏడు గంటలు. మొదటి శనివారం ఆగింది నా మెమరీ సెట్టింగ్ వల్ల, దాన్ని కలపలేదు. మీ పేజీలో 99.9 శాతం అని ఉంది, ఆ లెక్కన నెలకి 43 నిమిషాలే ఆగాలి. మేం నెలకి ఆడేది 32 గంటలు, అందులో ఏడు పోయాయి. 900లో ఆ వాటా 197 రూపాయలు. నగదు వద్దండీ, ఏడు రోజులు గడువు పెంచండి, అది 210 అవుతుంది. సర్వర్‌ని వేరే నోడ్‌కి మార్చండి. లాగ్‌లు, స్క్రీన్‌షాట్లు జత చేశాను. శుక్రవారం లోపు చెబితే ఈ శనివారం ఆడుకుంటాం."

నగదు కాకుండా రోజులు అడగడం కావాలనే చేశాను. హోస్ట్‌కి రోజులివ్వడం ప్యానెల్‌లో ఒక తేదీ మార్చడమే, జేబులోంచి తీసిచ్చేది కాదు. తేదీలూ గంటలూ వాళ్ల గడియారంలోనే ఇస్తే, "వివరాలు పంపండి" అని రెండు రోజులు సాగదీయడానికి వీలుండదు. ఈ ఫిర్యాదు టికెట్ల దరిద్రం ఇంకోటి, మన జవాబు ఆలస్యమైతే వాటంతటవే మూసుకుపోతాయి, పైగా "మా సేవకి ఎన్ని నక్షత్రాలు" అని అడుగుతాయి.

గురువారం పొద్దున జవాబొచ్చింది. ఏడు రోజులు కలిపాడు, నోడ్ మార్చాడు. నెలనెలా కడుతున్నాను కాబట్టే కలిపాడని నా గట్టి నమ్మకం. 20 శాతం తగ్గింపు అని ఏడాదికి ఒకేసారి కట్టేసినవాడి మాట ఎవరు వింటారు?

నోడ్ మారాక శనివారాలు ఆగలేదు. బావ మాత్రం ఇప్పటికీ లాగిన్ అవగానే చాట్‌లో టైప్ చేస్తాడు: "మీకు ఏడు రోజులొచ్చాయి సరే, నా రెక్కలేవి?"