కరెంటు పోతే నెట్ కూడా పోతోంది, చిన్న ఆఫీసుకు ఏం ప్లాన్ చేసుకోవాలి?

"కూకట్‌పల్లిలో ఆరుగురం పనిచేసే అకౌంట్స్, జీఎస్టీ ఆఫీసు మాది. గట్టిగా గాలి కొడితే చాలు కరెంటు పోతుంది, ఇన్వర్టర్ ఉన్నా నెట్ కూడా పోతుంది. రిటర్నుల తేదీల్లో నరకం. జనరేటర్‌కి చోటు లేదు. ఇంకో నెట్ కనెక్షన్ తీసుకోవాలా, పెద్ద బ్యాటరీ పెట్టాలా?"

రెండూ ఇప్పుడే కొనకండి. కరెంటు పోయినప్పుడు నెట్ ఎక్కడ ఆగుతోందో ముందు తేల్చుకోండి. మాదీ ఇలాంటి ఆఫీసే, దిల్‌సుఖ్‌నగర్‌లో.

ఈసారి కరెంటు పోగానే గోడకున్న ఫైబర్ బాక్సు లైట్లు చూడండి. బాక్సు అసలు వెలగకపోతే దాని ప్లగ్గు ఇన్వర్టర్ లైను మీద లేదన్నమాట. లైట్లకి, ఫ్యాన్లకి లైను లాగేసి ప్లగ్ పాయింట్లు వదిలేయడం మన ఎలక్ట్రీషియన్లకి అలవాటే, అరగంటలో సరిచేయించుకోవచ్చు. బాక్సు వెలుగుతూ LOS దగ్గర ఎర్రలైటు కొట్టుకుంటుంటే ఫైబర్‌లో సిగ్నల్ రావట్లేదని అర్థం. PON లైటు పచ్చగా నిలకడగా ఉండి కూడా నెట్ లేకపోతే మీ కేబుల్ బాగానే ఉంది, సమస్య ఆపరేటర్ వెనక లైనులో ఉండొచ్చు.

ఆ ఎర్రలైటు ఎప్పుడొస్తోందో కూడా చూడండి. కరెంటు పోయిన క్షణంలో వచ్చి, కరెంటు రాగానే పోతుంటే కేబుల్ తెగలేదు. పక్క వీధిలో ఏదో టెర్రస్ మీద ఆపరేటర్ పెట్టిన స్విచ్‌కి బ్యాకప్ లేదు, లేదా అక్కడి బ్యాటరీ చచ్చిపోయింది. మా దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. "నెట్ రావట్లేదు" అని ఫోన్ చేస్తే "కరెంటు వస్తే వస్తుంది సార్" అనేవాళ్లు. "మా లైను ఏ బిల్డింగ్ నుంచి వస్తోంది, అక్కడ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది?" అని అడిగాక గానీ కదల్లేదు. కొత్త బ్యాటరీ పెట్టాక సగం తలనొప్పి తగ్గింది.

ఇక రెండో కనెక్షన్. ఇంకో కంపెనీ ఫైబర్ తీసుకుంటే ఆ తీగ కూడా అదే స్తంభం మీంచి వస్తుంది. 2025 ఆగస్టులో రామంతాపూర్ రథయాత్రలో కరెంటు షాక్‌తో మనుషులు చనిపోయాక, స్తంభాల మీది కేబుళ్లు తీసేసిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అలాంటప్పుడు ఎన్ని ఫైబర్లున్నా ఒకటే. అందుకని రెండోది స్తంభంతో పనిలేనిది, అంటే ఎయిర్ ఫైబర్ గానీ సిమ్ రౌటర్ గానీ తీసుకోండి. ఏరియా మొత్తం చీకటైతే అందరూ మొబైల్ డేటా మీద పడతారు, టవర్ నెమ్మదిస్తుంది. కాబట్టి ఆఫీసు ఫోన్‌లో వేరే నెట్‌వర్క్ సిమ్ ఒకటి ఉంచండి. కొనేముందు మీ గదిలోనే, కరెంటు లేని టైములో వేగం చూసుకోండి.

రెండు లైన్లనీ ఒక డ్యూయల్ వ్యాన్ రౌటర్‌కి కలిపినప్పుడు ఒక సెట్టింగు తప్పక చూడాలి. కొన్ని రౌటర్లు బాక్సు నుంచి వచ్చే తీగలో ప్రాణం ఉంటే చాలు నెట్ ఉన్నట్టే లెక్కేస్తాయి. వీధిలో ఫైబర్ తెగినా బాక్సు ఇన్వర్టర్ మీద వెలుగుతూనే ఉంటుంది కదా, దాంతో రౌటర్ రెండో లైనుకి మారదు. 8.8.8.8 లాంటి బయటి అడ్రసుకి పింగ్ చేసి చూసుకునేలా పెట్టండి. రెండు లైన్లనీ ఒకేసారి వాడే లోడ్ బ్యాలెన్సింగ్ వద్దు, ఒకటి పోతే రెండోదానికి మారే ఫెయిలోవర్ చాలు. లైను మారినప్పుడు పోర్టల్, బ్యాంకు సైట్లు బయటికి నెట్టేస్తే మళ్లీ లాగిన్ అవ్వాల్సిందే.

బ్యాటరీ విషయం లెక్కతో చూద్దాం. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. పూర్తిగా పిండకూడదు, ఇన్వర్టర్ కూడా కొంత తింటుంది. చేతికి 1100 వస్తాయనుకోండి. మూడు డెస్క్‌టాప్‌లు, మూడు ల్యాప్‌టాప్‌లు, రెండు ఫ్యాన్లు, మూడు ట్యూబ్‌లైట్లు, నెట్ బాక్సులు కలిపితే సుమారు 750 వాట్లు. గంటన్నరలో చాప చుట్టేస్తుంది, పైగా 900 వీఏ ఇన్వర్టర్ అయితే ఓవర్‌లోడ్ అని అరుస్తుంది కూడా. అదే ట్యాలీ డేటా ఉన్న డెస్క్‌టాప్ ఒక్కటే ఉంచి, ల్యాప్‌టాప్‌ల ప్లగ్గులు పీకేసి వాటి సొంత బ్యాటరీ మీద నడిపి, ఒక ఫ్యాన్, రెండు లైట్లతో సరిపెట్టుకుంటే 265 వాట్ల లోపే. నాలుగు గంటలు వస్తుంది. పెద్ద బ్యాటరీ డబ్బుతో డెస్క్‌టాప్‌లని ఒక్కొక్కటిగా ల్యాప్‌టాప్‌లు చేసుకోవడమే నయం. లేజర్ ప్రింటర్‌ని మాత్రం ఇన్వర్టర్ దరిదాపుల్లోకి రానివ్వకండి.

కరెంటు పోగానే డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతోందా? ఇన్వర్టర్ మీదో వెనకో ఉన్న మోడ్ స్విచ్ యూపీఎస్ వైపు ఉందో లేదో చూడండి. రెండో మోడ్‌లో బ్యాటరీకి మారడం కాస్త ఆలస్యమవుతుంది. ఫ్యాన్‌కి తెలియదు గానీ కంప్యూటర్ ఆగిపోతుంది, ట్యాలీ డేటా పాడైతే అదో పూట పని. ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి ఎనిమిది, పది గంటలు పట్టొచ్చు. మధ్యాహ్నం పోయి సాయంత్రం మళ్లీ పోతే నాలుగు గంటల లెక్క చెల్లదు.

ఇంత చేసినా గాలివాన రోజు అన్నీ ఒకేసారి పోతాయి. అప్పుడు ఏ పని ముందో రాసి గోడకి అంటించుకోండి. మా కాగితంలో 20వ తేదీ 3బీ కంటే 11వ తేదీ జీఎస్టీఆర్-1 పైన ఉంటుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ లెక్క ఇదీ. నెలవారీ క్లయింట్ 3బీ ఒకరోజు ఆలస్యమైతే 50 రూపాయల ఫీజు, నగదుగా కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. 2 లక్షల పన్నుకి అది రోజుకు వంద రూపాయలు. చేతినుంచి పెట్టుకున్నా నొప్పుండదు. జీఎస్టీఆర్-1 మాత్రం 11 దాటితే అందులోని అమ్మకం బిల్లులు, సరుకు కొన్నవాళ్ల ఆ నెల 2బీలో కనపడవు, వాళ్ల క్రెడిట్ నెల వెనక్కి పోతుంది. ఆ కొన్నవాళ్ల ఫోన్లు మన క్లయింట్‌కి, అక్కణ్నుంచి మనకి.

జీఎస్టీఆర్-1 బిల్లుల ఎంట్రీకి నెట్ అక్కర్లేదు. పోర్టల్ వాళ్ల ఆఫ్‌లైన్ టూల్‌లో వేసుకుని జేసన్ ఫైలు తయారుచేస్తే, మామూలు క్లయింట్‌ది చాలా చిన్న ఫైలు, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఎక్కుతుంది. 9వ తేదీకల్లా అన్ని ఫైళ్లూ ఒక పెన్ డ్రైవ్‌లో ఉండాలని మా నియమం. కిందటి వేసవిలో ఒక 11వ తేదీ సాయంత్రం చెట్టుకొమ్మ తీగల మీద పడి కరెంటు, ఫైబర్ రెండూ పోయాయి. 1912కి ఫోన్ చేసి బిల్లు మీది యూఎస్సీ నంబరు చెప్పాం. కంప్లయింట్ రాసుకున్నారు గానీ ఎప్పటికొస్తుందో చెప్పలేదు. అరగంట చూసి మా వాసు పెన్ డ్రైవ్, ల్యాప్‌టాప్ పట్టుకుని సంతోష్‌నగర్‌లో వాళ్ల బావగారి షాపుకి వెళ్లిపోయాడు. అది వేరే ఫీడర్ మీద ఉందని ముందే లైన్‌మన్‌ని అడిగి పెట్టుకున్నాం. నేను ఆఫీసులో కూర్చుని క్లయింట్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "ఇప్పుడు ఓటీపీ వస్తుంది, ఫోన్ దగ్గర ఉంచుకోండి, వాసు అడుగుతాడు" అని చెబుతూ పోయాను. అక్కడ పట్టిన టైమంతా ఓటీపీలకే. ఒకాయన పెళ్లిలో ఉండి ఫోన్ ఎత్తలేదు. అందుకే ఇప్పుడు 11న సాయంత్రం అందుబాటులో ఉండేది ఎవరో, పోర్టల్‌లో రిజిస్టరైన నంబరు ఎవరి చేతిలో ఉందో ప్రతి క్లయింట్ పేరు పక్కనా రాసి ఉంటుంది.