h = 0 పెడితే 0/0 రాదా?

బెంగళూరులో బీఎస్సీ ఫస్టియర్. డెరివేటివ్ కోసం ముందు h తో భాగిస్తారు, చివర్లో h = 0 పెడతారు. అది 0/0 కాదా?

కాదు, భాగించేటప్పుడు h సున్నా కాదు. లిమిట్‌లో అది సున్నాకి ఎంత దగ్గరికైనా వెళ్తుంది, సున్నా మాత్రం అవ్వదు. వాలు కట్టడానికి రెండు బిందువులు కావాలి, ఒక్క బిందువుతో కుదరదు. అందుకని వక్రరేఖ మీద పక్కనే, x లో h అంత దూరంలో ఇంకో బిందువు తీసుకుని, రెండిటినీ కలిపే గీత వాలు కడతాం. ఆ రెండో బిందువుని మొదటిదాని దగ్గరికి జరుపుతూ పోతే వాలు ఏ సంఖ్యని చేరబోతోందో అదే డెరివేటివ్.

y = x² తీసుకుని x = 3 దగ్గర చూడండి:

((3+h)² − 9)/h = (6h + h²)/h = 6 + h

h = 0.1 అయితే వాలు 6.1, 0.01 అయితే 6.01. ఎడమవైపు నుంచి, h = −0.01 అయితే 5.99. రెండు వైపులా 6 వైపే వస్తోంది కాబట్టి అక్కడ స్పర్శరేఖ వాలు 6.

చాలామంది పొరబడేది చివరి మెట్టులోనే. h కొట్టేశాక మిగిలిన 6 + h లో సున్నా పెట్టడం లిమిట్ కనుక్కునే సులువైన దారి మాత్రమే. అసలు భిన్నంలో h సున్నా అయిందని కాదు. ఈ తేడా y = |x| దగ్గర బాగా తెలుస్తుంది. x = 0 వద్ద కుడివైపు వాలు ఎప్పుడూ 1, ఎడమవైపు −1. రెండూ కలవవు, కాబట్టి అక్కడ డెరివేటివ్ లేదు.