ఎనిమిది శాతం కన్నా పదమూడున్నరే చౌక

చి. శ్రీనుకు, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు కొటేషన్లూ చూశాను. మినీ ట్రక్కు కొనాలన్న నిర్ణయం మీద నాకేమీ అభ్యంతరం లేదు, తెనాలి నుంచి కూరగాయల లోడింగ్‌కి నీకు పని ఎలాగూ ఉంది. నువ్వు ఫోన్లో అన్న మాటే నన్ను ఈ ఉత్తరం రాయించింది. "ఫైనాన్స్ వాళ్లు ఎనిమిది శాతానికే ఇస్తున్నారు మామయ్యా, బ్యాంకు పదమూడున్నర అంటోంది, ఇంక ఆలోచించేదేముంది?" అన్నావు. ఉందిరా. విజయవాడ ఆటోనగర్‌లో వాహనాల ఫైనాన్స్ ఆఫీసులో కూర్చుని నేను ఇలాంటి కొటేషన్లు చాలానే రాసిచ్చాను. ఆ రెండు అంకెలూ ఒకే కొలతతో కొలిచినవి కావు.

మన ఊళ్లో వడ్డీ లెక్క నీకు తెలిసిందే. నూటికి నెలకి రూపాయి అంటే రూపాయి వడ్డీ, రెండంటే రెండు రూపాయల వడ్డీ. అక్కడ లక్ష తెచ్చుకుంటే తీర్చే రోజు దాకా ఆ లక్షా నీ దగ్గరే ఉంటుంది, కాబట్టి లక్ష మీద వడ్డీ కట్టడం న్యాయమే. ఏజెంటు నీకు ఎనిమిది శాతాన్ని ఆ భాషలోకే మార్చి "అరవై ఏడు పైసల వడ్డీ పడుతుందంతే" అని చెప్పాడు చూడు, మెలిక అక్కడే ఉంది. ఈఎంఐ లోనులో అసలు మొత్తం నీ దగ్గర ఉండదు. మొదటి నెల నుంచే కొంత కొంత తిరిగి ఇచ్చేస్తుంటావు. ఫ్లాట్ రేటులో మాత్రం నువ్వు తిరిగిచ్చేసిన డబ్బుకి కూడా చివరి నెల దాకా వడ్డీ వేస్తూనే ఉంటారు.

నీ లెక్కతోనే చూద్దాం. 5 లక్షలు, 48 నెలలు, 8 శాతం ఫ్లాట్. ఏడాదికి 40 వేలు వడ్డీ, నాలుగేళ్లకి 1,60,000. అసలుతో కలిపి 6,60,000ని 48తో భాగిస్తే ఈఎంఐ 13,750. అందులో వడ్డీ వాటా నెలకి 3,333, అసలు వాటా 10,417. ఇప్పుడు నలభై ఎనిమిదో నెల సంగతి చూడు. ఆ లెక్క ప్రకారం అప్పటికి నీ దగ్గర మిగిలిన అసలు 10,417 రూపాయలే. దానికి ఆ ఒక్క నెలకి కట్టే వడ్డీ 3,333. అంటే దాదాపు మూడో వంతు. ముప్పై రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో ఎవడైనా అప్పిస్తానంటే ఊరుకుంటామా?

బ్యాంకు చెప్పే పదమూడున్నర రెడ్యూసింగ్ రేటు. ప్రతి నెలా ఎంత అసలు మిగిలి ఉంటే అంత మీదే వడ్డీ. అదే 5 లక్షలకి, అదే 48 నెలలకి ఈఎంఐ 13,538 వస్తుంది. ఎనిమిది శాతం వాడి కిస్తీ కన్నా 212 రూపాయలు తక్కువ. ఈ ఒక్క పోలికతోనే నీకు సగం విషయం అర్థమవ్వాలి. అసలు, నెలలు రెండూ సమానమైనప్పుడు శాతాలు చూడొద్దు, ఈఎంఐ చూడు. ఏది తక్కువైతే దాని వడ్డీయే తక్కువ.

ఫ్లాట్ రేటుని రెడ్యూసింగ్‌లోకి మార్చడానికి మేము ఆఫీసులో నోటిలెక్కగా 1.8తో గుణించేవాళ్లం. ఏడెనిమిది శాతం నుంచి పది దాకా ఫ్లాట్ రేట్లకి, ఏడాది నుంచి ఐదేళ్ల లోనులకి ఇది దగ్గరగానే వస్తుంది. నీ 8కి 14.4 వస్తుంది, కచ్చితంగా కడితే 14.35. కొందరు రెండుతో గుణించమంటారు, అది కొంచెం ఎక్కువ చూపిస్తుంది.

అయితే ఇక్కడితో ఆగితే పోలిక ఇంకా పూర్తి కాలేదు. ఫైనాన్స్ వాళ్ల కాగితం రెండో పేజీ చూశావా? ప్రాసెసింగ్, డాక్యుమెంటేషన్ కలిపి 8,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 9,440 లోను లోంచే పట్టుకుంటారు. దాని కింద "ఒక అడ్వాన్స్ ఈఎంఐ" అని చిన్న అక్షరాల్లో ఉంది. అంటే లోను ఇచ్చే రోజే మొదటి 13,750 మినహాయిస్తారు. కాగితం మీద లోను 5 లక్షలే, నీ వాహనానికి వాళ్ల వైపు నుంచి వచ్చేది మాత్రం 4,76,810. వడ్డీ మొత్తం 5 లక్షల మీద లెక్కేశారు. ఇలా ముందే కిస్తీలు పట్టుకుని పూర్తి మొత్తం మీద వడ్డీ వేయడం తన తనిఖీల్లో కనిపించిందని, అది సరైన పద్ధతి కాదని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో అప్పులిచ్చే సంస్థలన్నింటికీ రాసింది. నువ్వు ఆ మాట ఎత్తితే మేనేజరు కొత్తగా విన్నట్టు మొహం పెట్టకపోవచ్చు.

బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి 5,900. అడ్వాన్స్ ఈఎంఐ లేదు. చేతికి వచ్చేది 4,94,100.

రెండింటినీ ఒకే త్రాసులో తూచాలంటే అడగాల్సింది ఒకటే: ఈ రోజు నాకు నికరంగా ఎంత అందుతోంది, దానికి బదులు ఏ నెల ఎంత కడుతున్నాను? శాతం, ఫీజు, అడ్వాన్స్, అన్నీ అందులోకే వచ్చేస్తాయి. మీ అమ్మాయి కంప్యూటర్లో ఎక్సెల్ తెరిచి ఈ రెండు వరుసలు కొట్టమను.

```
=RATE(47,-13750,476810)*12*100
=RATE(48,-13538,494100)*12*100
```

మొదటిది ఫైనాన్స్ కంపెనీది. ఒక కిస్తీ ముందే పోయింది కాబట్టి 48 బదులు 47 రాశాను. జవాబు 16.1 దాకా వస్తుంది. రెండోది బ్యాంకుది, 14.1 పైచిలుకు. ఊరి లెక్కలో చెప్పాలంటే ఫైనాన్స్ వాళ్లది రూపాయి ముప్పై నాలుగు పైసల వడ్డీ, బ్యాంకుది రూపాయి పద్దెనిమిది పైసలు. అరవై ఏడు పైసలన్నది ఎక్కడా లేదు.

ఈ లెక్క నువ్వే కట్టక్కర్లేకుండా ఒక కాగితం ఉంది. 2024 అక్టోబరు 1 తర్వాత మంజూరయ్యే రిటైల్ లోనులకీ, చిన్న వ్యాపారాల టర్మ్ లోనులకీ బ్యాంకైనా, రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీ అయినా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఫీజులు, ఇన్సూరెన్స్ లాంటివి కలుపుకుని ఏడాదికి పడే అసలైన ఖర్చు అది. నీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి కాబట్టి తెలుగులోనే అడుగు. దాంతోపాటే నెలవారీ పట్టిక ఉంటుంది, ఏ కిస్తీలో అసలెంత, వడ్డీ ఎంత అని. అందులో రాయని ఛార్జీని తర్వాత నీ ఒప్పుదల లేకుండా వసూలు చేయకూడదు. కాగితం ఇచ్చాక కనీసం మూడు పనిదినాలు ఆ షరతులు అలాగే ఉండాలి. కాబట్టి "ఆఫరు ఇవాళ సాయంత్రం దాకానే" అంటే కంగారుపడి సంతకం పెట్టకు. ఊళ్లో ప్రోనోటు మీద ఇచ్చే ఫైనాన్షియర్ల దగ్గర ఈ కాగితం దొరకదు, అక్కడ ఎక్సెల్ వరుసే గతి.

బ్యాంకు వాళ్లని మరీ దేవుళ్లనుకోకు. మంజూరు రోజున లోను ఇన్సూరెన్స్ పేరుతో ఇంకో పదో పరకో వేలు కలపబోతారు. వాహనానికి ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి, అది ఎక్కడ లోను తీసుకున్నా ఒకటే, పోలికలోకి తేనక్కర్లేదు. నీ ప్రాణం మీద వేసే లోను ఇన్సూరెన్స్ వేరు. అది చట్టం అడిగేది కాదు. కావాలనుకుంటే విడిగా టర్మ్ పాలసీ తీసుకో. లోనులో కలిపితే ఆ ప్రీమియం మీద కూడా నాలుగేళ్లు వడ్డీ కడతావు. ఫైనల్ కాగితంలో లోను మొత్తం 5 లక్షలు దాటితే ఎందుకు దాటిందో అడుగు.

ఏజెంటు ఇంకో ఎర వేస్తాడు. బ్యాంకు కిస్తీ తక్కువని నువ్వు చెప్పగానే "అయితే ఐదేళ్లు పెట్టుకోండి, 11,667కే వస్తుంది" అంటాడు. నెలకి దాదాపు రెండు వేలు తగ్గినట్టు కనిపిస్తుంది, మొత్తం కట్టేది మాత్రం 7 లక్షలవుతుంది. నెలల సంఖ్య మారితే ఈఎంఐని ఈఎంఐతో పోల్చడం కుదరదు. ముందు ఇద్దరినీ 48 నెలలకే రాసివ్వమను, ఆ తర్వాత ఎన్నేళ్లు కావాలో నువ్వు చూసుకో.

ముందే తీర్చేసే ఆలోచన కూడా నీకుంది కదా, మిర్చి సీజన్ బాగుంటే. ఇక్కడ ఫ్లాట్ లెక్క ఇంకోసారి దెబ్బ కొడుతుంది. 24 కిస్తీలు కట్టాక సగం కాలం అయింది కాబట్టి అసలు రెండున్నర లక్షలే మిగిలిందనుకుంటావు. రెడ్యూసింగ్ పట్టికలో అప్పటికి దాదాపు 2,85,400 మిగిలి ఉంటుంది, ఎందుకంటే మొదటి నెలల్లో వడ్డీ వాటా ఎక్కువ. బ్యాంకులో కూడా ఇంచుమించు అంతే, 2,83,400 దగ్గర. అందులో మోసం లేదు. మిగిలిన 24 కిస్తీలూ, అంటే 3,30,000 పూర్తిగా కట్టమంటేనే మోసం. అలా అయితే ముందు తీర్చి నీకు ఒరిగేది సున్నా. రేటు ఫిక్స్‌డా ఫ్లోటింగా, ముందు తీరిస్తే ఎంత శాతం ఛార్జీ, దేని మీద లెక్కేస్తారు అన్నది కాగితం మీద రాయించుకో, నోటిమాట పనికిరాదు.

ఇంతకీ ఎవరి దగ్గర తీసుకోవాలంటే, తేడా ఎంతో కూడా చూసుకోవాలి. నాలుగేళ్లలో ఫైనాన్స్ వాళ్లకి కట్టేది ఫీజులతో సహా 6,69,440, బ్యాంకుకి 6,55,724. పదమూడు వేల ఏడు వందల పైన ఎక్కువ, పైగా మొదటి కిస్తీ మొదటి రోజే పోతుంది. బ్యాంకు వాళ్లు ఐటీ రిటర్నులంటూ నెలరోజులు తిప్పితే, ఆ నెల బండి లేక నువ్వు పోగొట్టుకునే బాడుగ ఇంతకన్నా ఎక్కువే కావచ్చు. నీకు రిటర్నులు ఉన్నాయి కాబట్టి అంత తిప్పరనే నా అంచనా.

అందుకని ముందు బ్యాంకు కాగితం చేతిలోకి తెచ్చుకుని ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్లు. రేటు తగ్గించమని బేరం ఆడకు, ఎనిమిదిని ఏడు ముప్పావు చేసి ఫీజు పెంచుతారు. అడ్వాన్స్ ఈఎంఐ తీసేసి, ఛార్జీలు మాఫీ చేయమను. ఆ రెండూ పోతే వాళ్ల లోను 14.35 దగ్గర ఆగుతుంది, బ్యాంకుతో దాదాపు సమానం. రెండు రోజుల్లో డబ్బు ఇస్తామంటున్నారు కాబట్టి అప్పుడు వాళ్ల దగ్గరే తీసుకున్నా నేను కాదనను. ఒప్పుకుంటే ఆ మార్పుతో కొత్త కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడిగి, సంతకానికి ముందు ఏపీఆర్ ఉన్న పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

ఇట్లు,
మామయ్య