చిట్టి ఫిజియాలజీ కార్డులకి పెద్దమ్మ దిద్దుబాటు

చిట్టీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలన్నీ కళ్ళజోడు మార్చుకుని మరీ చూశాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. కార్డులు మాత్రం బాగాలేవు తల్లీ. పరీక్షకి నాలుగు వారాలుంది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తే మార్చుకునే టైం ఉంటుంది.

నీ మొదటి కార్డు ఇటువైపు "ఆక్సిజన్ డిసోసియేషన్ కర్వ్ గురించి రాయండి" అని ఉంది. ఆక్సిజన్ పీడనాన్ని బట్టి హీమోగ్లోబిన్ ఎంత నిండుతుందో చూపే గీత అది. అటు తిప్పితే చీమల బారులా పద్నాలుగు లైన్లు. అది కార్డు కాదు, చిన్న కాగితం మీదికి ఎక్కించిన నోట్సే. దాన్ని చదివేటప్పుడు ఏం జరుగుతుందో నాకు తెలుసు. తిప్పి చూస్తావు, పద్నాలుగింటిలో తొమ్మిది గుర్తుంటాయి, "ఆ, వచ్చు" అని పక్కన పెట్టేస్తావు. రాని అయిదు ఎప్పటికీ రావు, ఎందుకంటే ఆ అయిదూ ఏవో నీకే తెలియదు.

ఈ తప్పు నేనూ చేశాను. ఫస్టియర్‌లో మూడు రంగుల స్కెచ్ పెన్నులతో నోట్సు మొత్తం అట్టముక్కల మీదికి ఎక్కించాను. కర్వ్ కుడికి జరిగే కారణాలు నాలుగు, ఎడమకి జరిగేవి నాలుగు అని పద్యంలా వల్లించేదాన్ని. వైవాలో ఎగ్జామినర్ గారు, "కర్వ్ ఎడమకి జరిగితే కండరానికి లాభమా, నష్టమా?" అన్నారు. నా పద్యంలో ఆ లైను లేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను.

అందుకే నీ నోట్సులో ఆ ఒక్క పేజీనే తీసుకుని, నేనైతే కార్డులుగా ఎలా విడగొడతానో చూపిస్తాను. మిగతా పేజీలు నువ్వు చేసుకోగలవు.

క్లాసు అయిన రోజు సాయంత్రమే నోట్సు ఒకసారి చదివి, మూసెయ్. మూసిన పుస్తకం పక్కన పెట్టుకుని, "ఇవాళ మేడమ్ చెప్పినదంతా ఏ ప్రశ్నలకి జవాబు?" అని ఆలోచించి ఆ ప్రశ్నలు మాత్రం రఫ్ కాగితం మీద రాయి. జవాబులు ఇప్పుడొద్దు. తర్వాత నోట్సు తెరిచి, ఏ ప్రశ్న తప్పిపోయిందో చూసుకో. నోట్సు చూస్తూ కార్డు రాస్తే ఆ వాక్యమే చివర ప్రశ్నార్థకం తగిలించుకుని కార్డు మీదికి వచ్చేస్తుంది. నీ మూడో కార్డు అలాంటిదే. "కోఆపరేటివ్ బైండింగ్ వల్ల కర్వ్ సిగ్మాయిడ్‌గా ఉంటుందా?" అని రాశావు. జవాబు ప్రశ్నలోనే ఉంది. అవునని తల ఊపడానికి ఫిజియాలజీ చదవక్కర్లేదు.

అదే విషయం ఇలా అడుగు: "ఈ కర్వ్ గీత తిన్నగా కాకుండా ఎస్ ఆకారంలో ఎందుకు వంగింది?" జవాబు రెండు లైన్లు. హీమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ పట్టే హీమ్‌లు నాలుగున్నాయి, ఒకదానికి ఆక్సిజన్ పట్టగానే మిగతావాటికి పట్టడం తేలికవుతుంది. అంతే. కోఆపరేటివ్ బైండింగ్ అన్న పేరు జవాబు చివర రాసుకో, మార్కులు పేరుకి కూడా ఉంటాయి కదా.

తర్వాత అంకెలు. హీమోగ్లోబిన్ సగం నిండే ఆక్సిజన్ పీడనాన్ని నువ్వు "పీ50 = 26–27" అని ఒంటరిగా రాశావు. ఒంటరి అంకె రెండు రోజుల్లో జారిపోతుంది. ఇరుగుపొరుగు అంకెలతో కలిపితే నిలుస్తుంది. కార్డు ముందువైపు ఖాళీ గ్రాఫ్ గియ్యి, అడ్డగీత మీద ఆక్సిజన్ పీడనం 27, 40, 60, 100 అని మాత్రం వెయ్యి. వెనక సాచురేషన్, అంటే హీమోగ్లోబిన్ ఎంత నిండిందో, 50, 75, 90, 97 శాతం. కార్డు చూసినప్పుడల్లా వేలితో గాల్లోనైనా సరే గీత గీసి, ఆ తర్వాతే తిప్పు. ఫిజియాలజీలో సగం జవాబులు బొమ్మలే, వాటిని మాటల కార్డులుగా మారిస్తే పరీక్షలో బొమ్మ వెయ్యడానికి చెయ్యి ఆడదు.

ఆ అంకెల్లోంచే ఇంకో కార్డు పుడుతుంది, అది నాకు అన్నిటికంటే ఇష్టం. "ఆక్సిజన్ పీడనం 100 నుంచి 60కి పడిపోతే సాచురేషన్ ఎంత తగ్గుతుంది? 60 నుంచి 40కి పడితే ఎంత?" మొదటిసారి నలభై మెట్లు దిగితే ఏడు శాతమే పోయింది. రెండోసారి ఇరవై మెట్లకే పదిహేను పోయింది. ఊపిరితిత్తుల దగ్గర పీడనం కొంచెం తగ్గినా రక్తం నిండుగానే వెళ్తుందనీ, కణజాలం దగ్గరికి వచ్చేసరికి ధారాళంగా వదిలేస్తుందనీ ఆ రెండు లెక్కల్లోనే ఉంది. నీ నోట్సులో దీన్ని "ప్లాటో, స్టీప్ పార్ట్" అని రెండు మాటల్లో తేల్చేశావు.

ఇక జాబితాలు. కర్వ్ కుడికి జరగడానికి నాలుగు కారణాలు: కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ అయాన్లు, ఉష్ణోగ్రత, ఎర్రకణాల్లో ఉండే డీపీజీ అనే పదార్థం పెరగడం. "నాలుగు కారణాలు చెప్పు" అని కార్డు రాస్తే మూడు చెప్పి నాలుగోదానికి తడుముకుంటావు, ఆ కార్డు రోజూ తప్పుతుంది. దాన్ని విరగ్గొట్టు. "పరిగెడుతున్న మనిషి తొడ కండరంలో ఏ మూడు పెరుగుతాయి? వాటివల్ల కర్వ్ ఎటు జరుగుతుంది?" కండరం పనిచేస్తే వేడెక్కుతుంది, కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఆమ్లం పెరుగుతుంది. మూడూ కుడికే. ఇది బట్టీ పట్టక్కర్లేదు, మనిషి పరిగెడుతున్నట్టు ఊహించుకుంటే చాలు. డీపీజీకి వేరే కార్డు, దాన్ని పిండం హీమోగ్లోబిన్‌తో ముడిపెట్టు: "తల్లి రక్తం నుంచి ఆక్సిజన్‌ని బిడ్డ రక్తం ఎలా లాక్కోగలుగుతుంది?" పిండం హీమోగ్లోబిన్‌లో గామా చెయిన్లకి డీపీజీ సరిగా పట్టదు, అందుకని దాని కర్వ్ ఎడమకి ఉంటుంది.

నన్ను వైవాలో ముంచిన ప్రశ్నకి కూడా ఒక కార్డు చెయ్యి. ఎడమకి జరిగితే హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుంటుంది, పీ50 తగ్గుతుంది, కండరానికి వదలదు. అంటే నష్టం. ఒక దిక్కు నుంచి నేర్చుకున్న ప్రతిదాన్నీ రెండో దిక్కు నుంచి అడిగే కార్డు ఒకటి ఉండాలి.

కలిసిపోయే జంటల దగ్గర కొంచెం ఎక్కువ సేపు కూర్చో. బోర్ ఎఫెక్ట్, హాల్డేన్ ఎఫెక్ట్ నువ్వు రెండు వేర్వేరు కార్డుల మీద రాశావు. విడిగా చదివితే రెండూ వచ్చినట్టే ఉంటాయి, పరీక్ష హాల్లో ఒకదాని బదులు ఇంకోటి రాసొస్తావు. ఏటా పేపర్లలో ఈ తారుమారు చూసీ చూసీ నాకు విసుగు పుట్టేది. వాటిని తేడా మీదే అడుగు: "కార్బన్ డయాక్సైడ్ వచ్చి ఆక్సిజన్‌ని వదిలించడం ఏ ఎఫెక్ట్? ఆక్సిజన్ వచ్చి కార్బన్ డయాక్సైడ్‌ని వదిలించడం ఏది? ఏది ఎక్కడ ముఖ్యం?" మొదటిది బోర్, కణజాలంలో. రెండోది హాల్డేన్, ఊపిరితిత్తుల్లో. ఒక కార్డులో ఒకే సంగతి ఉండాలని చెప్తూ మూడు ప్రశ్నలు పెట్టానేమిటంటావేమో. ఇక్కడ ఆ ఒక్క సంగతి తేడానే.

చివరగా ఒక కేసు కార్డు. "కిటికీలు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్న మనిషిని స్పృహ లేకుండా తెచ్చారు. పల్స్ ఆక్సిమీటర్ 98 చూపిస్తోంది. నమ్ముతావా?" నమ్మకూడదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌కీ, ఆక్సిజన్ పట్టిన దానికీ ఆ మామూలు మిషన్ తేడా చెప్పలేదు. దీనికి తోడుగా ఇంకో కార్డు: మోనాక్సైడ్ పట్టని మిగతా హీమ్‌లు ఏం చేస్తాయి? వాటి కర్వ్ కూడా ఎడమకి జరిగి, ఉన్న ఆక్సిజన్‌ని కూడా వదలవు.

లెక్కపెట్టుకో, గంట క్లాసుకి ఎనిమిదో తొమ్మిదో వచ్చాయి. పన్నెండు దాకా పర్వాలేదు. నలభై వచ్చాయంటే నువ్వు ఎంచుకోలేదు, ఎత్తి రాశావని అర్థం.

కాగితం సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి చింపితే ఎనిమిది ముక్కలు. మూలన నోట్సు పేజీ నంబరు వెయ్యి, జవాబు మీద అనుమానం వస్తే వెతుక్కోకుండా. ఆంకీ యాప్‌లో చేసుకుంటానన్నా నాకేం అభ్యంతరం లేదు, గ్రాఫుల కార్డులు మాత్రం చేత్తోనే చెయ్యి. సీనియర్లు పంపిన రెడీమేడ్ కార్డులు మాత్రం వద్దు. ప్రశ్న వెయ్యడంలోనే సగం చదువు అయిపోతుంది, ఆ సగం వాళ్ళు చదివేసుకుని నీకు మిగతా సగం పంపారు.

తిరగెయ్యడానికి మూడు బిస్కెట్ డబ్బాలు పెట్టుకో. కొత్త కార్డు మొదటి డబ్బాలో, దాన్ని రోజూ చూడాలి. వస్తే రెండో డబ్బాకి, అది మూడు రోజులకోసారి. అక్కడా వస్తే మూడోది, వారానికోసారి. ఎక్కడ తప్పినా మళ్ళీ మొదటి డబ్బాకే. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1970లలో ప్రచారంలోకి తెచ్చిన డబ్బాల పద్ధతికి ఇది కుదించిన రూపం. జవాబు పైకి చెప్పిన తర్వాతే తిప్పాలి. మనసులో "తెలుసు" అనుకుని తిప్పడం లెక్కలోకి రాదు. "దాదాపు వచ్చింది" అన్నది కూడా తప్పు కిందే వెయ్యి, జాలిపడకు.

రెండు గుర్తులు కనిపెట్టుకుని ఉండు. ప్రశ్న పూర్తిగా చదవకముందే జవాబు నోటికి వస్తోందంటే నీకు విషయం కాదు, ఆ కార్డు మీద కాఫీ మరక గుర్తుంది. ప్రశ్న మాటలు మార్చి కొత్త కాగితం మీద రాయి. ఇక ఒకే కార్డు నాలుగైదుసార్లు మొదటి డబ్బాకి తిరిగొస్తోందంటే తప్పు నీ జ్ఞాపకశక్తిది కాదు. అందులో రెండు సంగతులు ఇరుక్కుని ఉంటాయి, లేదా ఆ పాఠమే అర్థమై ఉండదు. మొదటిదైతే విడగొట్టు. రెండోదైతే కార్డు పక్కన పడేసి పుస్తకం తెరువు, లేదా నాకు ఫోన్ చెయ్యి.

కార్డులు చెయ్యలేని పని ఒకటుంది. పది మార్కుల ప్రశ్నకి జవాబు ఏ వరసలో అల్లాలో అవి నేర్పవు. ముక్కలన్నీ వచ్చి, అతికించడం రాక మార్కులు పోగొట్టుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. అందుకని ప్రతి పెద్ద టాపిక్‌కీ ఒక అస్థిపంజరం కార్డు పెట్టు: ముందువైపు టాపిక్ పేరు, వెనక అయిదారు ఉపశీర్షికలు మాత్రమే. వారానికి రెండు టాపిక్‌లు తీసి, టైం పెట్టుకుని, తెల్ల కాగితం మీద పూర్తి జవాబు రాయి.

పరీక్షకి అయిదు రోజుల ముందు కొత్త కార్డులు ఆపెయ్. ముందు రోజు మూడో డబ్బా జోలికి వెళ్ళకు. మొదటి డబ్బాలో మిగిలినవీ, గ్రాఫులవీ, జంటలవీ తీసుకో, అవి యాభై దాటవు.

ఆదివారం లోపు హాల్డేన్ పేజీ నుంచి నీ సొంతంగా చేసిన మూడు కార్డులు పంపు. ముందువైపు మాత్రమే ఫోటో తియ్యి, జవాబులు నేను చెప్తాను. నాకు రాకపోతే మీ పెదనాన్నతో చెప్పకు.

మీ పెద్దమ్మ