టర్మ్ పాలసీ రెండేళ్లు ఆపి మళ్లీ తీసుకుంటే పాత రేటు దొరుకుతుందా?

ప్రశ్న: సార్, నాకు 37 ఏళ్లు. 29లో కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకున్నా, 60 ఏళ్ల వరకు కవర్. ఏటా 12,036 కడుతున్నా. మూడు నెలల కిందట హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి గుంటూరులో సొంత వ్యాపారం మొదలుపెట్టా, చేతిలో డబ్బు ఆడట్లేదు. వచ్చే నెల ప్రీమియం ఉంది. రెండేళ్లు ఆపేసి, వ్యాపారం నిలదొక్కుకున్నాక మళ్లీ తీసుకోవచ్చా? కొత్తగా చూస్తే ఇప్పుడు 17,900 చూపిస్తోంది. ఇంటి లోన్ 32 లక్షలు ఉంది, పాప నాలుగో తరగతి. పోయినేడాది నుంచి బీపీ మాత్ర వేసుకుంటున్నా.

జవాబు: ఆపకండి. ఎందుకో చెప్పే ముందు మీ లెక్కలో ఒక అంకె సరిచేయాలి. మీరు చెప్పిన 12,036లో 1,836 జీఎస్టీ ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, పాత పాలసీల రెన్యువల్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. అంటే వచ్చే నెల మీకు రావాల్సిన నోటీసు 10,200కే. ఒకసారి కంపెనీ యాప్‌లో చూసుకోండి. మీరు చూసిన 17,900 ఎలాగూ జీఎస్టీ లేని రేటే కాబట్టి, పాత రసీదు పక్కన పెట్టుకుని పోలిస్తే తేడా 5,900 లోపే కనిపిస్తుంది కానీ అసలు తేడా ఏడాదికి 7,700.

ఇక పాత రేటు సంగతి. ఓటీటీ ప్యాక్ ఆపేసి మళ్లీ చేరితే కొత్త రేటు పడటం కంపెనీ పాలసీ, వాళ్లు తలచుకుంటే పాత రేటుకే ఇవ్వగలరు. టర్మ్‌లో అలా కుదరదు, ఎందుకంటే ఆ 10,200 అనేది 29 ఏళ్ల వయసుకి, అప్పటి మీ ఆరోగ్యానికి కట్టిన రేటు. ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. 29 ఏళ్లవాడు ఆ ఏడాది పోయే అవకాశం చాలా తక్కువ, 58 ఏళ్లవాడికి చాలా ఎక్కువ. ఏ ఏడాది రిస్కుకి ఆ ఏడాది డబ్బు తీసుకుంటే ప్రీమియం మొదట్లో చాలా తక్కువగా ఉండి, చివర్లో భరించలేనంత పెరిగిపోతుంది. అందుకే కంపెనీ 31 ఏళ్ల రిస్కునీ కలిపి, చదును చేసి, ప్రతి ఏడాదీ ఒకే మొత్తం తీసుకుంటుంది. దాని అర్థం, గడిచిన ఎనిమిదేళ్లూ మీరు మీ రిస్కుకి మించి కట్టారు, 50 దాటాక రిస్కు కంటే తక్కువ కడతారు. ఇప్పుడు ఆపేస్తే ఎక్కువ కట్టిన భాగం వాళ్ల దగ్గరే ఉండిపోతుంది, తక్కువ కట్టాల్సిన భాగం మీకు రాదు. మామూలు టర్మ్ పాలసీని మధ్యలో వదిలేస్తే తిరిగి వచ్చే డబ్బు కూడా ఏమీ ఉండదు కాబట్టి, క్యాన్సిల్ చేయమని లెటర్ రాసి సాధించేది ఏమీ లేదు.

రెండేళ్ల తర్వాత తిరిగి రావడానికి మీకు రెండు దారులుంటాయి, రెండింటికీ లెక్క వేద్దాం.

మొదటిది కొత్త పాలసీ. మీరు చూసిన 17,900 ఇప్పటి వయసుకి, మీరు తీసుకునేది 39లో. ఆ రేటు తెలుసుకోవాలంటే వెబ్‌సైట్‌లో పుట్టిన తేదీని రెండేళ్లు వెనక్కి మార్చి, 60 వరకే కవర్ పెట్టి చూడండి (ఈ సైట్లు 85 ఏళ్ల దాకా వాటంతటవే పెట్టేసి ఉంచుతాయి, అది మార్చకపోతే రేటు ఎక్కడికో వెళ్తుంది). ఉదాహరణకి 19,500 వచ్చిందనుకుందాం. పాత రేటు కంటే ఏడాదికి 9,300 ఎక్కువ, 39 నుంచి 60 వరకు 21 ఏళ్లు కట్టాలి, మొత్తం 1,95,300. ఇదంతా ఒక్కసారి కట్టేది కాదు కదా అంటారేమో, 7 శాతం వడ్డీ చొప్పున ఇవాళ్టి విలువకి తెచ్చి చూసినా సుమారు 94,000 అవుతుంది. దీనికోసం మీరు ఇప్పుడు మిగుల్చుకునేది రెండు ప్రీమియంలు, 20,400. పైగా ఇది బీపీ లెక్కలోకి తీసుకోకుండా.

బీపీనే మీ విషయంలో అన్నిటికంటే పెద్ద సంగతి. మీకు బీపీ పాలసీ తీసుకున్నాక వచ్చింది, కాబట్టి పాత పాలసీకి దాంతో సంబంధం లేదు, మీరు చెప్పాల్సిన అవసరం కూడా లేదు, రేటు మారదు. కొత్త ప్రపోజల్ ఫారంలో మాత్రం రాసి తీరాలి, మెడికల్ టెస్టులు చేయిస్తారు, రీడింగ్ వాళ్లకి నచ్చకపోతే లోడింగ్, అంటే మామూలు రేటు మీద అదనపు ప్రీమియం వేస్తారు. 19,500 మీద పాతిక శాతం లోడింగ్ వేశారనుకోండి, 24,375 అవుతుంది, 21 ఏళ్లకి పాత రేటుతో తేడా మూడు లక్షలకి దగ్గరగా వెళ్తుంది. ఈ రెండేళ్లలో షుగర్ కూడా తోడైతే కొన్ని కంపెనీలు ఇవ్వమనే అనొచ్చు. వ్యాపారం మొదటి రెండేళ్లు, నిద్ర సరిగా ఉండదు, తిండికి టైం ఉండదు, టెన్షన్ సరేసరి. ఆరోగ్యం మెరుగుపడే రోజులు కావు అవి.

రెండో దారి రివైవల్, అంటే ప్రీమియం కట్టక లాప్స్ అయిన పాత పాలసీనే మళ్లీ బతికించుకోవడం. ఇది ఉందని చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు కూడా దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. కట్టని మొదటి ప్రీమియం తేదీ నుంచి 5 ఏళ్ల లోపు రివైవల్‌కి అడగొచ్చు. ఒప్పుకుంటే మీకు మళ్లీ పాత 10,200 రేటే దొరుకుతుంది, నిజమే. కానీ ఆగిపోయిన రెండేళ్ల ప్రీమియంలు వడ్డీతో సహా కట్టాలి. వడ్డీ రేటు కంపెనీని బట్టి ఉంటుంది, 9 శాతం అనుకుంటే రెండేళ్ల బాకీ 20,400, వడ్డీ దాదాపు 2,800, ఆ ఏడాది ప్రీమియం ఇంకో 10,200, మొత్తం 33,400 ఒకేసారి. అంటే ఆ రెండేళ్లకీ డబ్బు కట్టినట్టే, కవర్ మాత్రం మొదటి 30 రోజులు దాటాక ఒక్క రోజుకి కూడా లేనట్టే. పొదుపు అనుకున్నది కాస్తా వడ్డీకి తెచ్చుకున్న అప్పయింది. దీనికి తోడు ఆరోగ్యం బాగుందని డిక్లరేషన్ ఇవ్వాలి, బీపీ అందులో రాయాలి, టెస్టులు అడిగితే ఖర్చు సాధారణంగా మీదే, అన్నీ చూశాక లోడింగ్ వేసే హక్కూ కాదనే హక్కూ కంపెనీకి ఉన్నాయి.

ఇంకోటి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీకి మూడేళ్లు నిండాక, ప్రపోజల్‌లో ఫలానాది దాచారనో తప్పు చెప్పారనో క్లెయిమ్ ఎగ్గొట్టడం కుదరదు. మీరు ఆ గడప దాటి ఐదేళ్లయింది. కొత్త పాలసీ తీసుకున్నా, పాతది రివైవల్ చేసినా, ఆ మూడేళ్ల గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ప్రీమియం లెక్కలో కనిపించదు కానీ మీ ఇంట్లోవాళ్ల వైపు నుంచి చూస్తే దీని విలువ చాలా ఎక్కువ.

ఈ మధ్యలో రెండేళ్లు ఖాళీగా ఉంటాయి చూడండి, దాని మాట. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ ఏదైనా ఉండి ఉంటే, మానేసిన రోజుతో అదీ పోయి ఉంటుంది. 32 లక్షల లోన్, నాలుగో తరగతి పాప, ఇంకా లాభం చూడని వ్యాపారం. మీ జీవితంలో ఈ పాలసీ అవసరం అన్నిటికంటే ఎక్కువ ఉన్న రెండేళ్లు ఇవే, మీరు ఆపుదామనుకుంటున్నది సరిగ్గా వీటినే.

డబ్బు ఆడట్లేదన్న మాట నేను తేలిగ్గా తీసుకోవట్లేదు. 10,200 ఒక్కసారి తీయడం కష్టమైతే కంపెనీకి ఫోన్ చేసి ప్రీమియం నెలవారీకి మార్చమని అడగండి. చాలా కంపెనీలు ఈ మార్పు పాలసీ వార్షిక తేదీనే చేస్తాయి, మీకు అది వచ్చే నెలే, కాబట్టి ఈ వారంలోనే అడగాలి. నెలకి 900 దగ్గర పడుతుంది, ఏడాది మొత్తం మీద ఓ 500 ఎక్కువ. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. గడువు తేదీ దాటాక కట్టడానికి ఇచ్చే గ్రేస్ పీరియడ్ ఏడాదికోసారి కట్టేవాళ్లకి 30 రోజులు, నెలవారీకి 15 రోజులే. కరెంట్ అకౌంట్‌కి ఆటో డెబిట్ పెడితే వ్యాపారంలో ఏదో చెక్కు పాస్ అయిన రోజు బ్యాలెన్స్ లేక ప్రీమియం బౌన్స్ అవుతుంది, ఎస్సెమ్మెస్ వందలో ఒకటిగా కిందకి వెళ్లిపోతుంది, మీకు తెలిసేసరికి యాప్‌లో పాలసీ స్టేటస్ లాప్స్‌డ్ అని ఉంటుంది. మీ సొంత సేవింగ్స్ అకౌంట్‌కో, భార్య అకౌంట్‌కో పెట్టండి.

పాలసీ బాండ్‌లో రైడర్లు, అంటే అసలు కవర్‌కి జోడించే అదనపు కవర్లు ఉన్నాయేమో కూడా చూడండి. యాక్సిడెంట్ రైడర్, క్రిటికల్ ఇల్‌నెస్ రైడర్ లాంటివి ఉంటే వాటి ప్రీమియం విడిగా రాసి ఉంటుంది. మరీ తప్పనిసరైతే యాక్సిడెంట్ రైడర్ తీసేసి అసలు కవర్ ఉంచుకోవచ్చు. క్రిటికల్ ఇల్‌నెస్ రైడర్ మాత్రం బీపీ ఉన్న మీరు వదులుకోకండి, అది మళ్లీ దొరకడం టర్మ్ కంటే కష్టం. కవర్‌నే కోటి నుంచి 60 లక్షలకి తగ్గించడం కొన్ని కంపెనీల్లో కుదురుతుంది, కానీ మళ్లీ పెంచాలంటే కొత్త వయసు, కొత్త టెస్టులే, కాబట్టి అది చిట్టచివరి మాట.

పాత పాలసీ ఆపడం ఎప్పుడూ తప్పే అనట్లేదు. సిగరెట్లు తాగే రోజుల్లో తీసుకుని, మానేసి ఏళ్లు గడిచినవాళ్లకి కొత్త పాలసీ పాతదానికంటే చౌకగా రావచ్చు. లోన్లు తీరిపోయి, పిల్లలు ఉద్యోగాల్లో చేరినవాళ్లకి కవర్ అవసరమే లేకపోవచ్చు. మొదటి రకం వాళ్లు కూడా కొత్త పాలసీ బాండ్ చేతికి వచ్చి, అందులో వివరాలన్నీ సరిచూసుకున్నాకే పాతది కట్టడం మానాలి. అప్లై చేశాం కదా అని ముందే ఆపేసి, మెడికల్‌లో రిజెక్ట్ అయి, రెండూ లేకుండా నిలబడ్డవాళ్లని నేను చూశాను. ప్రీమియం తిరిగిచ్చే టర్మ్ పాలసీలు, పదేళ్లే కట్టే పాలసీల లెక్క వేరు, వాటిలో ఆపితే కొంత వెనక్కి వస్తుంది, అవి ఉన్నవాళ్లు ఈ అంకెలు వాడుకోవద్దు.

హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఆపే ఆలోచన ఉంటే, అక్కడ పాత రేటు అనేదే ఉండదు, కడుతూ ఉన్నా వయసుతో పెరుగుతుంది. ఆపితే పోయేది రేటు కాదు, ఇప్పటికే గడిచిన వెయిటింగ్ పీరియడ్. కొత్తగా తీసుకుంటే మీ బీపీకి సంబంధించిన ఖర్చులకి మూడేళ్ల దాకా ఆగమనవచ్చు.

ఒకవేళ వచ్చే నెల గడువు తేదీకి డబ్బు అందకపోతే కంగారు పడకండి. గ్రేస్ పీరియడ్‌లో కవర్ నడుస్తూనే ఉంటుంది, ఏడాదికోసారి కట్టే పద్ధతిలోనే ఉంటే 30 రోజుల్లోపు ఎప్పుడు కట్టినా వడ్డీ లేదు, టెస్టులు లేవు, రేటు అదే. ముప్పయ్యో రోజు దాకా లాగకుండా ఇరవయ్యో రోజుకల్లా కట్టేయండి, సర్వర్ డౌన్ అయిందనో ఆదివారం వచ్చిందనో కంపెనీతో వాదించే పని ఉండదు.