స్కూలు ఉద్యోగం చేస్తూ గ్రూప్-2కి చదివేవాళ్లు వారం టైమ్‌టేబుల్ ఎలా గీసుకోవాలి?

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తూ టీజీపీఎస్సీ గ్రూప్-2కి చదువుతున్నాను. ఉదయం ఎనిమిదికి బయల్దేరితే ఇంటికొచ్చేసరికి ఐదున్నర. ప్రతి ఆదివారం టైమ్‌టేబుల్ వేస్తాను, బుధవారానికల్లా చెదిరిపోతుంది. ఏ సబ్జెక్టుకు ఎంత టైమ్ ఇవ్వాలి? అసలు నిలబడే టేబుల్ ఎలా గీయాలి?

జవాబు:

నేనూ ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతూనే గ్రూప్-2 రాశాను కాబట్టి మీ సాయంత్రాలు ఎలా ఉంటాయో తెలుసు. గంటగంటకూ గడి గీసే టేబుల్ మనలాంటి ఉద్యోగంలో నిలబడదు. ఒక్క గంట జారితే దాని కిందివన్నీ జారిపోతాయి. రోజుకు మూడే గడులు పెట్టండి: తెల్లవారుజామున ఒకటి, స్కూలు నుంచి వచ్చి కాస్త కుదుటపడ్డాక ఒకటి, భోజనం తర్వాత చిన్నది ఒకటి. పాత క్యాలెండర్ షీటు వెనకవైపు చాలు. గీతలు, రోజులు, టైములు పెన్నుతో రాయండి. గడిలో ఏం చదవాలన్నది మాత్రం పెన్సిల్‌తో, ఎందుకంటే అది వారం వారం మారుతుంది.

సబ్జెక్టులు నింపే ముందు ఒక వారం ఏమీ ప్లాన్ చేయకుండా, నిజంగా పుస్తకం ముందు కూర్చున్న టైమ్ మాత్రమే రాసుకోండి. కూరగాయలు, బట్టలు, పేపర్లు దిద్దడం, చుట్టాలు, అన్నీ పోగా మిగిలినదే మీ టైమ్. మీరు చెప్పిన వేళలను బట్టి ఉదయం 5:00 నుంచి 6:30, సాయంత్రం 6:30 నుంచి 8:00, రాత్రి 9:00 నుంచి 10:00 దొరుకుతాయనుకుందాం. ఆరు రోజులకు 24 గంటలు. ఆదివారం రెండున్నర గంటల చొప్పున రెండు గడులు, అంటే ఇంకో 5. మొత్తం 29. ఇందులో రెండు సాయంత్రాలు ఖాళీగా వదిలేయాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక ఏ సబ్జెక్టుకు ఎన్ని గడులన్న సంగతి. నాలుగు పేపర్లకూ తలా 150 మార్కులే అయినా టైమ్‌ను సమానంగా పంచకూడదు. రెండు, మూడు, నాలుగు పేపర్లలో ఒక్కోదానికి 50 మార్కుల భాగాలు మూడేసి ఉంటాయి. కాబట్టి పేపర్లుగా కాకుండా ఈ భాగాలుగా ఆలోచించండి. పాత గ్రూప్-2 ప్రశ్నపత్రం ఒకటి టైమ్ పెట్టుకుని రాసి, ఏ భాగంలో ఎన్ని వచ్చాయో చూడండి. ఊహించి పెట్టినవి సరైనా సరే, రానట్టే లెక్కేయండి. ఉదాహరణకు సమాజ నిర్మాణంలో 50కి 30 వచ్చి, తెలంగాణ ఎకానమీలో 16 వచ్చాయనుకోండి. తెల్లవారుజాము గడులు ఎక్కువగా ఎకానమీకి వెళ్లాలి.

అలాగని బలహీనమైన దానికే అంతా ధారపోయడం కూడా సరి కాదని నా అభిప్రాయం. నాలుగో పేపర్ తెలంగాణ ఉద్యమం, 1948 నుంచి 2014 వరకు, ఒక గిరి గీసినట్టు ఉన్న సిలబస్. అక్కడ పెట్టిన గంటకు మార్కులు త్వరగా పెరుగుతాయి. ఎకానమీలో అదే పెరుగుదలకు చాలా ఎక్కువ టైమ్ పడుతుంది. అందుకే ఉద్యమానికి ఏ వారమూ గడి లేకుండా చేయకండి.

ఈ లెక్కన కొత్తగా చదవడానికి పది గడులు మిగులుతాయి. నేను పంచేది ఇలా:

| రోజు | ఉదయం 5:00–6:30 | సాయంత్రం 6:30–8:00 | రాత్రి 9:00–10:00 |
|---|---|---|---|
| సోమ | ఎకానమీ | ఉద్యమం | రివిజన్ |
| మంగళ | పాలిటీ | రీజనింగ్ | రివిజన్ |
| బుధ | ఎకానమీ | ఖాళీ | రివిజన్ |
| గురు | హిస్టరీ | ఉద్యమం | రివిజన్ |
| శుక్ర | ఎకానమీ | జనరల్ స్టడీస్ | రివిజన్ |
| శని | సమాజం, పథకాలు | ఖాళీ | రివిజన్ |

ఆదివారం వేరు. 2024 డిసెంబరులో గ్రూప్-2 పరీక్ష ఉదయం 10:00 నుంచి 12:30, మధ్యాహ్నం 3:00 నుంచి 5:30 జరిగింది. ఆదివారం గడులను సరిగ్గా ఆ టైములకే పెట్టుకోండి. ఉదయం ఒక పేపర్, 150 ప్రశ్నలు, ఓఎంఆర్ షీటు మీద బబుల్స్ నింపుతూ రాయండి. మధ్యాహ్నం తప్పులు చూడండి. భోజనం చేసి మూడింటికి మళ్లీ కూర్చోవడం శరీరానికి అలవాటు కావాలి. అసలు పరీక్షలో రెండో పేపర్‌కు కళ్లు మూతలు పడేది ఆ అలవాటు లేకే. కరెంట్ అఫైర్స్‌ను గడుల్లో పెట్టకండి. పేపర్ స్కూల్లోనే, లీజర్ పీరియడ్‌లో చదివేయవచ్చు.

ఈ టేబుల్‌లో "ఎకానమీ" అని రాసింది మీకు అర్థం కావడానికే. మీ షీటు మీద అలా రాస్తే ఆ గడి పని చేయదు. ఐదింటికి లేచి "ఎకానమీ" అన్న మాట చూస్తే ఏ పుస్తకం, ఎక్కడి నుంచి అని వెతకడానికే పావుగంట పోతుంది. గడిలో పుస్తకం, పేజీలు, చివర్లో చేతిలో ఉండాల్సింది రాయండి. నా షీటు మీద గడి ఇలా ఉండేది: "అకాడమీ పుస్తకం 42–54, భూసంస్కరణలు, చూడకుండా ఒక పేజీ." గంటన్నరలో మొదటి పది నిమిషాలు నిన్నటిది గుర్తు చేసుకోవడానికి, చివరి పది నిమిషాలు పుస్తకం మూసి రాయడానికి పోతే, మధ్యలో కొత్త పేజీలు నాకు పన్నెండు మించేవి కావు. మీ వేగం ఎంతో మీరే రెండు మూడు సార్లు కొలుచుకోండి.

ఆ అంకె తెలిస్తే పెద్ద లెక్క కూడా తేలుతుంది. ఎకానమీకి వారానికి మూడు గడులు, గడికి 12 పేజీలు అంటే వారానికి 36. 400 పేజీల పుస్తకం పూర్తవడానికి పదకొండు వారాలు దాటుతుంది. పరీక్షకు అన్ని వారాలు లేకపోతే గడులు పెంచాలి, లేదా పుస్తకంలో కొంత వదలాలి. ఈ నిర్ణయం ఇప్పుడే తీసుకోవచ్చు, చివరి నెలలో టెన్షన్ పడనక్కర్లేదు.

గడులు నింపేటప్పుడు ఒకదానికొకటి తగిలే పాఠాలను ఒకే వారంలో పెట్టండి. గ్రూప్-2 సిలబస్‌లో ఇది బాగా కుదురుతుంది. మంగళవారం ఉదయం పాలిటీలో 371-డి అధికరణం చదివారనుకోండి. గురువారం సాయంత్రం ఉద్యమంలో 1973 ఆరు సూత్రాల పథకం పెట్టండి. ఆ పథకం నుంచే 32వ రాజ్యాంగ సవరణ, దానితో 371-డి, ఆ తర్వాత 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, వాటి ఉల్లంఘనలను సరిచేయడానికి 1985లో 610 జీవో వచ్చాయి. విడివిడిగా చదివితే ఇవి నాలుగు తేదీలు, ఒకే వారంలో చదివితే ఒక కథ. రెండో పేపర్‌లో అడిగినా నాలుగో పేపర్‌లో అడిగినా జవాబు దొరుకుతుంది.

రాత్రి గడిలో కొత్తది వద్దు. మొదటి అరగంట ఆ రోజు చదివింది, రెండో అరగంట పోయిన వారం ఇదే రోజు చదివింది. ఉదయం మూసి రాసిన ఆ ఒక్క పేజీ ఇక్కడ పనికొస్తుంది, పుస్తకం మళ్లీ తెరవక్కర్లేదు. మూడోసారికి మాత్రం చదవడం మానేసి ఆ అధ్యాయం మీద బిట్లు చేయండి. లేకపోతే వారాలు గడిచేకొద్దీ రివిజన్ గుట్టలా పెరిగి, ఆ గంటలో పట్టదు.

ఇప్పుడు ఆ రెండు ఖాళీ సాయంత్రాల సంగతి. సోమ, మంగళవారాల్లో పోయిన గడి బుధవారం సాయంత్రం, ఆ తర్వాత పోయినది శనివారం సాయంత్రం పూర్తవుతుంది. మీ టేబుల్ బుధవారానికల్లా చెదరడానికి కారణం నాకు ఇక్కడే కనిపిస్తోంది. పోయిన పనికి చోటు లేక అది రేపటి పని మీద పడుతోంది. వారానికి రెండు గడుల కన్నా ఎక్కువ పోతే మిగిలినవి వచ్చే వారానికి అదనంగా తీసుకెళ్లకండి. ఆ గడుల్లో వేయాల్సిన కొత్త పేజీలను ఆపి, పాతవాటికే ఆ చోటు ఇవ్వండి. ఏమీ పోని వారం ఆ సాయంత్రం నిజంగానే ఖాళీ, హాయిగా ఇంట్లోవాళ్లతో గడపండి.

షీటు మీద పూర్తయిన గడికి టిక్కు, సగం అయితే ఒక గీత, అసలు కాకపోతే ఇంటూ పెట్టండి. మూడు నాలుగు వారాల షీట్లు పక్కపక్కన పెడితే లోపం ఎక్కడుందో అవే చెబుతాయి. ఒకే గడిలో వారం వారం ఇంటూ పడుతుంటే తప్పు ఆ టైమ్‌ది. నా షీట్లలో సోమవారం సాయంత్రం అలాగే ఉండేది. ఆ రోజు స్టాఫ్ మీటింగ్ అయి ఇంటికొచ్చేసరికి ఏడు దాటేది. ఖాళీ సాయంత్రాన్ని బుధవారం నుంచి సోమవారానికి మార్చాక అది సర్దుకుంది. అలా కాక, ఏ రోజు పెట్టినా ఒకే సబ్జెక్టుకు గీతలు పడుతుంటే టైమ్ బాగానే ఉంది, గడికి పెట్టిన పేజీలు ఎక్కువయ్యాయి. తెలంగాణ ఎకానమీలో పట్టికలున్న అధ్యాయాలకు నాకు 12 పేజీలు ఎప్పుడూ సాగలేదు, ఆరుకు తగ్గిస్తే టిక్కులు పడ్డాయి. ఇక అన్నీ టిక్కులే ఉండి ఆదివారం టెస్టులో మార్కు కదలకపోతే చూడాల్సింది రాత్రి గడి. చదవడం జరుగుతోంది, గుర్తు తెచ్చుకోవడం జరగడం లేదు.

వచ్చే వారం షీటును ఆదివారం 5:30 తర్వాత, టెస్టు తప్పులు కళ్ల ముందు ఉన్నప్పుడే నింపండి. అప్పుడు ఏ భాగానికి గడి పెంచాలో వెతుక్కోనక్కర్లేదు.

ఎస్ఏ పరీక్షల వారాలకు వేరే షీటు ఉండాలి. పేపర్లు దిద్దే రోజుల్లో సాయంత్రాలు మీవి కావు. ఆ వారాలకు ఉదయం ఆరు గడులు, రాత్రి అరగంట రివిజన్ మాత్రమే రాయండి. ఆదివారం టెస్టు ఉంచాలా వద్దా అన్నది దిద్దాల్సిన కట్టలను బట్టి చూసుకోండి. ఉదయం గడులను మాత్రం వదలొద్దు. పెద్ద షీటునే పెట్టుకుని సగం ఇంటూలు చూసుకుంటే తర్వాతి వారం షీటు గీయబుద్ధి కాదు. ఎస్ఏ తేదీలు ముందే తెలుస్తాయి కాబట్టి ఆ చిన్న షీట్లు ఇప్పుడే గీసి పెట్టుకోండి.